జరీ అంచు నల్లబడకుండా: చీర విప్పిన రాత్రి నుంచి బీరువా దాకా

"జరీ నల్లబడింది, చింతపండుతో రుద్దొచ్చా?" "టూత్‌పేస్ట్ పెడితే మెరుస్తుందట, నిజమేనా?" ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. రెండింటికీ జవాబు ఒకటే: వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో, ఏది ముందు ఏది తర్వాతో కింద వివరంగా రాశాను.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. నల్లబడిన జరీని పూర్తిగా కొత్తదానిలా చేయడం ఇంట్లో కుదరదు, చాలాసార్లు బయట కూడా కుదరదు. నల్లబడకుండా ఆపడం మాత్రం మన చేతిలో ఉంది. అందుకే శుభ్రం చేసే పద్ధతి కన్నా చీర విప్పిన రోజు చేయాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

## 1. ముందు మీ జరీ ఏ రకమో తేల్చుకోండి

ఒక రకం జరీకి చేసే పని ఇంకో రకానికి చేటు చేస్తుంది. కాబట్టి మొదట ఇది తెలియాలి. మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

అసలు జరీ (వెండి జరీ). సన్నటి వెండి తీగను రేకులా నలిపి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. పేరుకు బంగారు జరీ అంటాం కానీ, మొత్తం బరువులో బంగారం ఒక శాతం కూడా ఉండదు. అంటే పైన కనిపించే పసుపు రంగు చాలా పల్చటి పొర. గట్టిగా రుద్దితే మొదట పోయేది అదే.

టెస్టెడ్ జరీ. ఇందులో వెండి బదులు రాగి తీగ ఉంటుంది. దాని మీద వెండి పూత, ఆపైన బంగారు రంగు వచ్చేలా పూత గానీ లక్క లాంటి పొర గానీ ఉంటుంది. ఆ పొర లేచిపోతే రాగి బయటపడి ఎర్రబారుతుంది, తర్వాత నల్లబడుతుంది, తడి తగిలితే పచ్చటి చిలుము పడుతుంది.

ప్లాస్టిక్ జరీ. పాలిస్టర్ రేకు మీద పల్చగా అల్యూమినియం పూసి, సన్నగా కోసి తయారు చేస్తారు. ఇది వెండిలా నల్లబడదు. కానీ వేడి తగిలితే ముడుచుకుపోతుంది, ఘాటైన సబ్బు తగిలితే మెరుపు పోతుంది.

తేల్చుకోవడం ఎలా? చీర లోపలి కొసలో, నడుం దగ్గర దోపుకునే వైపు, ఊడి వేలాడుతున్న జరీ పోగు ఒకటి దొరుకుతుంది. దాన్ని రెండు అంగుళాలు కత్తిరించి, తెల్లకాగితం మీద పెట్టి, గోటితో రేకును విప్పండి. లోపల దారం బయటపడుతుంది. ఎర్రటి దారం కనిపించగానే "అసలు జరీ" అని సంబరపడొద్దు, టెస్టెడ్ జరీ లోపల కూడా ఎర్ర దారం వేసేవాళ్లున్నారు. విప్పిన రేకును సన్న గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్ది చూడండి. తెల్లగా ఉంటే వెండి. రాగి రంగు తేలితే టెస్టెడ్.

మిగిలిన ముక్కను పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. కరిగి గట్టి ఉండలా అయితే ప్లాస్టిక్. దారం కాలిపోయి లోహపు తీగ మిగిలితే లోహపు జరీ. చీరకు దూరంగా, సింకు దగ్గర చేయండి.

ఎంత వెండి ఉందో లెక్క కావాలంటే ఇంటి పరీక్షలు చాలవు. దానికి యంత్రాలున్నాయి, పట్టుచీరల పెద్ద దుకాణాల్లో కొన్నిచోట్ల చూసిపెడతారు. చీరను కాపాడుకోవడానికి మాత్రం అంత లెక్క అక్కర్లేదు. వెండా, రాగా, ప్లాస్టిక్కా తెలిస్తే చాలు.

## 2. నలుపు ఎక్కడ నుంచి వస్తుంది

వెండి నల్లబడేది గాల్లో ఉన్న గంధకం వల్ల. వెండి పట్టీలు నల్లబడేదీ ఇందుకే. బంగారు పూత పల్చగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది కాబట్టి కింద ఉన్న వెండి ఆ రంధ్రాల్లోంచి నల్లబడి పైకి కనిపిస్తుంది. గాల్లో తేమ ఉంటే ఈ పని తొందరగా అవుతుంది.

గంధకం గాల్లోనే ఉండక్కర్లేదు. బీరువాలోకి మనమే తెచ్చిపెడతాం. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది. ఉన్ని శాలువాల్లో ఉంటుంది. న్యూస్‌పేపర్లో ఆమ్లం ఉంటుంది, పైగా సిరా అంటుకుంటుంది. పట్టుచీరను న్యూస్‌పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి, స్వెటర్ల పక్కన పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. జరీని పాడు చేయడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

రాగి జరీకి అసలు శత్రువు చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది. చెమట ఆరిపోయినా ఉప్పు మాత్రం జరీలోనే ఉంటుంది. వర్షాకాలంలో తేమ తగలగానే ఆ ఉప్పు మళ్లీ పని మొదలుపెడుతుంది. "రెండుసార్లే కట్టాను, బీరువాలోనే ఉంది, ఎలా నల్లబడింది?" అని అడిగేవాళ్ల చీరల్లో జరిగేది చాలావరకు ఇదే.

ఇప్పుడు మీ చీరను కిటికీ దగ్గర వెలుతురులో పరిచి, ఏ మరకో గుర్తుపట్టండి.

- అంచంతా ఒకేలా మసకబారి, మడతల లోపల మాత్రం మెరుపు ఉంటే: గాలి, తేమ వల్ల వచ్చిన నలుపు.
- నడుం దగ్గర, చంక కింద, భుజం మీద మచ్చలుగా ఉంటే: చెమట. వేసుకున్న సెంటు కూడా కావచ్చు.
- పచ్చటి, నీలి పచ్చటి పొడిలా ఉంటే: చిలుము. కింద రాగి ఉందన్నమాట.
- మడత గీత వెంట ఎర్రగా, పసుపుగా దారం కనిపిస్తుంటే: ఇది నలుపు కాదు. రేకు విరిగి లోపలి దారం బయటపడింది. దీన్ని రుద్దితే ఇంకా విరుగుతుంది.
- కింది అంచు బూడిద రంగులో, జిడ్డుగా ఉంటే: మామూలు మురికి. అన్నిటికన్నా తేలిగ్గా పోయేది ఇదే.

## 3. చీర విప్పిన రాత్రి

పెళ్లి నుంచి అర్ధరాత్రి వచ్చి, చీర విప్పి, మడతపెట్టి బీరువాలో పెట్టేయడం. ఇదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అలసటలో ఎవరైనా చేసేదే, కానీ ఆ తడి, ఆ ఉప్పు మూసిన బీరువాలో అలాగే ఉండిపోతాయి. మడతపెట్టకుండా కుర్చీ మీద వదిలేసినా దీనికన్నా నయం.

వరస ఇలా ఉండాలి.

విదిలించండి. ముందుగా అక్షింతలు, కుంకుమ, పసుపు పొడి దులపండి. తడిగుడ్డ పెట్టొద్దు. పొడిగా ఉన్న కుంకుమ దులిపితే పోతుంది, తడి తగిలిందంటే పట్టులోకి ఇంకుతుంది. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది. అది చూసి కంగారుపడి ఇంకా రుద్దుతారు.

ఆరేయండి. ఎండ పడని, గాలి ఆడే గదిలో, ఫ్యాన్ కింద రాత్రంతా ఉంచండి. చీరను తిరగేసి, జరీ లోపలి వైపు పైకి వచ్చేలా వేయండి. ఇనుప దండెం మీద నేరుగా వేయకుండా ముందు ఒక పాత పంచె పరచండి. అంచుకు క్లిప్పులు పెట్టొద్దు.

అంచును తడిమి చూడండి. చీర ఒళ్లు ఆరినా అంచు ఆరదు, అక్కడ నేత మందంగా ఉంటుంది. వేళ్లకు పొడిగానే తోస్తుంది. మోచేతి లోపలి వైపు గానీ బుగ్గకు గానీ ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నడుం దగ్గర దోపిన భాగం, ఫాల్ వెనక భాగం తప్పకుండా చూడండి.

చెమట పట్టిన చోట తీయండి. లోహపు జరీ చీరలకు ఇది ముఖ్యం. రంగు దిగని చీర అయితే, ఉతికిన తెల్ల మల్లుగుడ్డను ఫిల్టర్ నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, చెమట పట్టిన చోట అద్దండి. రుద్దొద్దు, అద్దడమే. వెంటనే పొడిగుడ్డతో అద్ది ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ముందు లోపలి కొసలో ఒకచోట చేసి చూడండి. గుడ్డకు రంగు అంటినా, పట్టు మీద నీటి గీత పడినా ఆ చీరకు ఈ పని చేయకండి.

మరకలు. నూనె, నెయ్యి పడితే మామూలు టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి. మిగతా మరకలు, ముఖ్యంగా కాఫీ, కూరల మరకలు, ముట్టుకోకుండా ఏం పడిందో కాగితం మీద రాసి పిన్ను లేకుండా చీరతో ఉంచి, రెండు మూడు రోజుల్లో డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి.

జాకెట్టు సంగతి మర్చిపోతుంటారు. చెమట ఎక్కువ పట్టేది దానికే. చేతుల అంచు జరీ చీర కన్నా ముందే నల్లబడటానికి కారణం అదే. చంక దగ్గర లోపల కుట్టే మెత్తలు ఊడదీసి ఉతుక్కునేలా పెట్టించుకుంటే చాలా తేడా ఉంటుంది.

ఇక కట్టుకునే ముందు రెండు జాగ్రత్తలు. సెంటు, హెయిర్ స్ప్రే చీర కట్టుకోక ముందే కొట్టుకుని, ఆరాక కట్టుకోండి. వాటిలో ఉండే ఆల్కహాల్ టెస్టెడ్ జరీ మీది పొరను కరిగిస్తుంది. పిన్నులు జరీలోంచి గుచ్చకండి. రేకు ఒక్కసారి చీలితే అక్కడి నుంచి విడిపోతూ పోతుంది.

## 4. ఉతకడం: ఇంట్లో ఏది, బయట ఏది

బయటే ఇవ్వాల్సినవి: అసలు జరీ పట్టుచీరలు, పాత చీరలు, ఒకే చీరలో రెండు రకాల దారాలున్నవి. ఉదాహరణకు గద్వాల చీర. ఒళ్లు నూలు, అంచు పట్టు. నీళ్లలో వేస్తే నూలు ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు, అంచు అలలు అలలుగా లేస్తుంది. దాన్ని ఇస్త్రీతో సరిచేయడం దాదాపు అసాధ్యం.

ఇంట్లో ఉతకదగ్గవి: మంగళగిరి, వెంకటగిరి నూలు చీరల్లాంటివి, రోజువారీ కట్టుకునే టెస్టెడ్ లేదా ప్లాస్టిక్ జరీ అంచు చీరలు. కొత్త చీరైతే మొదటిసారి బయట ఇస్తేనే మంచిది.

డ్రైక్లీనింగ్ గురించి ఒక అపోహ ఉంది. ప్రతిసారీ ఇస్తే జరీ భద్రమనుకుంటారు. డ్రైక్లీనింగ్ ద్రావకాలు నూనెను, జిడ్డును బాగా తీస్తాయి. ఉప్పు నీళ్లలో కరిగేది కాబట్టి చెమట మాత్రం వాటికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే ఇచ్చేటప్పుడు "ఇక్కడ చెమట పట్టింది" అని వేలు పెట్టి చూపించండి. జరీ ఏ రకమో చెప్పండి. జరీ మీద స్టీమ్ పట్టొద్దనండి. ఇంటికి తెచ్చిన రోజే ప్లాస్టిక్ కవరు తీసేసి, ద్రావకం వాసన పోయేదాకా గాలికి ఆరేయండి. గంటసేపు కట్టుకుని చెమట పట్టకుండా విప్పిన చీరను డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడం అనవసరం, గాలికి ఆరేస్తే చాలు.

### ఇంట్లో ఉతికే పద్ధతి

ముందు రంగు పరీక్ష. తెల్లగుడ్డ తడిపి, అంచూ ఒళ్లూ కలిసే చోట అయిదు నిమిషాలు ఒత్తి పట్టుకోండి. రంగు అంటితే ఆ చీర ఇంట్లో ఉతకొద్దు. ఇక్కడ చాలామంది ఉప్పునీళ్లలో నానబెట్టి రంగు "ఆపుతారు". జరీ చీరకు ఈ పని అసలు చేయకూడదు. చెమటలోని ఉప్పుకు భయపడి ఇంత కష్టపడుతున్నాం, చేతులారా గుప్పెడు ఉప్పు పోయడమేంటి? వెనిగర్ కూడా వద్దు, రాగికి చిలుము పట్టిస్తుంది.

నీళ్ల సంగతి. మీ ఇంట్లో బోరు నీళ్లు వస్తే, వాటిలో లవణాలు ఎక్కువ. ఉతకడానికి వాడుకోవచ్చు కానీ చివరి జాడింపు మాత్రం ఆర్వో నీళ్లతో చేయండి. పంపు నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తుంటే బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రాత్రి వదిలేయండి.

1. బకెట్‌లో పది లీటర్ల చల్లటి నీళ్లు తీసుకోండి. పట్టు, ఉన్ని బట్టలకు వాడే మృదువైన లిక్విడ్ రెండు మూడు చెంచాలు కలిపి, నురగ వచ్చేదాకా చేత్తో తిప్పండి. బట్టల సోడా, సర్ఫు పొడులు వద్దు. అవి పట్టుకూ మంచివి కావు, ప్లాస్టిక్ జరీ మీది అల్యూమినియం పూతకూ మంచివి కావు.
2. చీరను వదులుగా మడిచి ముంచండి. మూడు నుంచి అయిదు నిమిషాలు, అంతకు మించి నానబెట్టొద్దు. ఒళ్లు మురికిగా ఉంటే దాన్ని చేత్తో మెల్లగా ఒత్తండి. అంచును అంచుకేసి రుద్దొద్దు, బ్రష్ కొట్టొద్దు, బండకేసి బాదడం అసలే వద్దు.
3. మంచినీళ్లలో రెండుసార్లు, నురగ పోయేదాకా జాడించండి. మూడోసారి ఫిల్టర్ నీళ్లు.
4. పిండొద్దు. నీళ్లు కారనిచ్చి, పెద్ద టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి అరచేతులతో ఒత్తండి. టవల్ తడిసిపోతే ఇంకోటి మార్చండి. పిండినప్పుడు దారం వంగుతుంది, లోహపు రేకు మాత్రం విరుగుతుంది.
5. నీడలో, తిరగేసి, గాలి తగిలేలా వెంటనే ఆరేయండి. తడి అంచు ఒకదాని మీద ఒకటి పడి ఎక్కువసేపు ఉండకూడదు.

కుంకుడుకాయ రసం వాడొచ్చా అంటే, ముదురు రంగు చీరలకు వాడొచ్చు. గింజ తీసి నానబెట్టి పిసికి, రెండుసార్లు మల్లుగుడ్డలో వడకట్టండి. నలుసు మిగిలితే గోధుమ రంగు మరక పడుతుంది. లేత రంగు చీరలకు నేనైతే వాడను.

గంజి పెట్టాలనుకుంటే ఒళ్లుకు మాత్రమే, అదీ పల్చగా. గంజి పట్టిన జరీ అంచు బిరుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. పైగా గంజి తినడానికి పురుగులు వస్తాయి.

ఫాల్ కుట్టించేవాళ్లకు చిన్న మాట: నూలు ఫాల్ అయితే కుట్టడానికి ముందే తడిపి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని, జరీ అంచును కూడా ముడతలు చేస్తుంది. తప్పు జరీదనుకుంటారు.

## 5. ఇస్త్రీ

తిరగేసి చేయండి. జరీకీ ఇస్త్రీ పెట్టెకూ మధ్య పల్చటి నూలు గుడ్డ తప్పనిసరి. లోహపు జరీకి సిల్క్ సెట్టింగ్ వరకు పర్వాలేదు. ప్లాస్టిక్ జరీకి అన్నిటికన్నా తక్కువ వేడి. అంచు మీద నీళ్లు చిలకరించొద్దు, స్టీమ్ వద్దు. పెట్టెను లాగకుండా ఎత్తి ఎత్తి ఆనిస్తే రేకు పక్కకు జరగదు.

మడత గీతల మీద ఇస్త్రీ వేయకండి. పదునైన మడతే రేపు విరిగే చోటు.

## 6. నల్లబడ్డ జరీకి ఏం చేయొచ్చు

మొదట వద్దన్నవాటికి కారణాలు.

చింతపండు, నిమ్మకాయ పులుపు రాగి చెంబును మెరిపిస్తుంది, నిజమే. కానీ చెంబును కడిగేయొచ్చు. జరీ లోపల దారం ఉంది, ఆ పులుపు దారంలోకి ఇంకి అక్కడే ఉండిపోయి, కొన్నాళ్లకు చిలుముగా బయటికి వస్తుంది. పట్టు రంగు కూడా దిగొచ్చు. టూత్‌పేస్ట్‌లో గరుకు పొడి ఉంటుంది, అది నలుపుతో పాటు బంగారు పూతనూ గీకేస్తుంది. ఆ రోజు తెల్లగా మెరిసేది బంగారం పోగా కింద తేలిన వెండి. అది ముందుకన్నా త్వరగా నల్లబడుతుంది. అల్యూమినియం ఫాయిల్, వంట సోడా చిట్కా వెండి గిన్నెలకు పనిచేస్తుంది. చీరకు అక్కర్లేదు, సోడా పట్టును దెబ్బతీస్తుంది. వెండి సామాన్లను ముంచే డిప్ ద్రావణాలు కూడా అంతే.

చేయదగ్గది ఒక్కటే: పొడిగా, మెత్తగా తుడవడం. మా పెద్దమ్మ పెళ్లి పట్టుచీరకు ఈ పద్ధతే వాడాం. ఎలా జరిగిందో చెబుతాను.

ఎర్ర కంచిపట్టు, అసలు జరీ. ముప్ఫై ఏళ్లకు పైగా న్యూస్‌పేపర్లో, కలరా ఉండలతో ఉంది. విప్పి మంచం మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీద వేశాం. మొదటి రోజు ఏమీ చేయలేదు, వాసన పోవడానికి ఆరేశామంతే.

మర్నాడు వెలుతురులో చూస్తే మూడు సంగతులు కనిపించాయి. పై మడతలో ఉన్న అంచు మొత్తం ముదురు గోధుమ రంగు. లోపలి మడతల్లో అంచు దాదాపు కొత్తగా ఉంది. అడ్డంగా పోయిన మడత గీతల్లో రెండుచోట్ల సన్నటి ఎర్ర గీత, అంటే రేకు విరిగి దారం కనిపిస్తోంది. ఆ రెండు చోట్లా తెల్లదారంతో వదులుగా గుర్తు పెట్టాం, అటువైపు చేయి పోకుండా.

ముందు మెత్తటి మేకప్ బ్రష్‌తో దుమ్ము దులిపాం. తర్వాత ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలు గుడ్డ వేలికి చుట్టుకుని, లోపలి కొసలో అంగుళం మేర, జరీ పోగు ఎటు పోతుందో అటే, ఒకే దిక్కుగా తుడిచాం. పోగుకు అడ్డంగా తుడిస్తే రేకు అంచు లేస్తుంది. గుడ్డ మీద బూడిద రంగు నలుపు అంటింది. ఇది మంచి గుర్తు: నలుపు వదులుతోంది. గుడ్డకు పసుపు మెరుపు అంటితే బంగారం వస్తున్నట్టు, అక్కడితో ఆపేయాలి.

అలా గుడ్డ మడత మార్చుకుంటూ అంచంతా తుడిచాం. మురికైన గుడ్డతోనే తుడిస్తే తీసిన నలుపునే మళ్లీ పులిమినట్టవుతుంది. ఒకేచోట గుడ్డకు కొత్తగా ఏమీ అంటకపోతే వదిలేసి ముందుకు వెళ్లాం. నలుపు ఇంకా కనిపిస్తున్నా సరే.

చివరికి ముదురు గోధుమ రంగు కాస్తా పాత బంగారం రంగుకు వచ్చింది. పైకి లేచిన బుటాలు, గోపురాల కొసలు మెరిశాయి, వాటి మధ్య పల్లాల్లో నలుపు ఉండిపోయింది. దాన్ని అలాగే ఉంచాం. ఇంకొంచెం రుద్దుదామన్న ఆశే చీరలను పాడు చేస్తుంది. నిజానికి పల్లాల్లో నలుపు ఉంటే బుటా ఇంకా పొందికగా కనిపిస్తుంది.

మీ చీర మీద చిలుము ఉంటే పొడి బ్రష్‌తో దులపండి, కింద కాగితం పెట్టుకోండి, ఆ పొడి పీల్చకండి. టెస్టెడ్ జరీలో రాగి బయటపడిపోతే తుడవడం వల్ల లాభం లేదు, పొర మళ్లీ రాదు.

చీరల పాలిష్ దుకాణాల్లో రోలింగ్ చేయిస్తే అంచు చదునై, ముడతలు పోయి, మెరుపు పెరిగినట్టు ఉంటుంది. నలుపు పోవడం వేరు, ఇది వేరు. గట్టి ఒత్తిడి కాబట్టి విరిగిన జరీ ఉన్న పాత చీరలకు వద్దని నా అభిప్రాయం.

## 7. దాచడం

చీర చుట్టడానికి ఉతికిన, గంజి లేని, రంగు వేయని నూలు గుడ్డ. పాత తెల్ల పంచె ముక్క చాలు. కొత్త గుడ్డైతే రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టండి. ఒక్కో చీరకు ఒక్కో గుడ్డ. ఒక చీర చిలుము పక్క చీరకు అంటకుండా ఉంటుంది.

జరీ లోపలికి వచ్చేలా, చీర వెనక వైపు బయటికి కనిపించేలా మడవండి. గాలి తక్కువ తగులుతుంది, రాపిడి తగ్గుతుంది. మడత మధ్యలో చుట్టిన మల్లుగుడ్డ పెడితే మడత గుండ్రంగా ఉంటుంది, రేకు విరగదు. బరువైన జరీ చీరలను హ్యాంగర్‌కు వేలాడదీయొద్దు, వేలాడే బరువుకు నేత సాగుతుంది. బరువైన చీర అట్టడుగున కాదు, పైన కాదు, దాని మీద రెండు మూడు తేలిక చీరలకు మించి పెట్టకుండా చూడండి.

ప్లాస్టిక్ కవర్లు తేమను లోపల బంధిస్తాయి. బీరువా గోడకు ఆని ఉంటే, వర్షాకాలంలో గోడ చెమ్మ బీరువా వెనక రేకుకు పడుతుంది. నాలుగు అంగుళాలు ముందుకు జరపండి. అరకు ఒక సిలికా జెల్ పొట్లం, చీరకు తగలకుండా మూలన పెట్టండి. రంగు మారే గింజలున్నవైతే అవి ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

పురుగులకు ఎండిన వేపాకు, లవంగాలు గుడ్డ మూటలో కట్టి అర మూలన. నేరుగా చీర మడతల్లో వేస్తే ఆకు మరక పడుతుంది. కలరా ఉండలు నాకు ఇష్టం లేదు, జరీకి తగలకూడదు. తప్పదనుకుంటే గుడ్డ మూటలో కట్టి, చీరలకు దూరంగా పెట్టండి. కర్పూరం, కలరా ఉండలు రెండూ కలిపి పెట్టొద్దు. అవి కలిసి మెత్తబడి, కరిగి, నూనెలాంటి మరక చేస్తాయి.

మూడు నాలుగు నెలలకోసారి, పొడి వాతావరణం ఉన్న రోజు చూసి:

- చీర విప్పి గంట రెండు గంటలు నీడలో గాలికి వేయండి.
- పాత మడత గీతను వదిలి, రెండు అంగుళాలు పక్కకు కొత్త మడత వేయండి.
- అంచు మీద కొత్త మచ్చలున్నాయేమో వెలుతురులో చూడండి.
- చుట్టిన గుడ్డ పసుపుబారితే ఉతికి మార్చండి.
- రబ్బరు బ్యాండు, పిన్ను, దుకాణం ధర చీటీ, అట్టముక్క ఏవీ లేవని చూడండి.

ముసురు పట్టిన రోజు మాత్రం బీరువా తెరిచి పెట్టకండి. ఆరబెడుతున్నామనుకుని తేమను లోపలికి పిలిచినట్టవుతుంది.

## 8. జరీ పోగు లేచినా, అంచు తెగినా

లేచిన పోగును లాగొద్దు, కత్తిరించొద్దు. లాగితే వరసలో ముడత పడుతుంది, కత్తిరిస్తే రెండు కొసల నుంచీ రేకు విడిపోతుంది. సన్న సూదిని చీర వెనక నుంచి పొడిచి, పోగును దారంతో మెలేసి వెనక్కి లాగి, అదే రంగు పట్టు దారంతో రెండు చిన్న కుట్లు వేయండి.

అంచు మీద చాలాచోట్ల విరిగి ఉంటే, ఆ మేర వెనక పల్చటి నెట్ గుడ్డ పెట్టి రఫ్ఫు చేసేవాళ్ల చేత కుట్టించుకోవచ్చు. చీర ఒళ్లు చిరిగి, అంచు మాత్రం బాగుంటే, అంచు విడదీసి కొత్త చీరకు వేయించుకోవడం మంచి పనే. ఒళ్లు బాగుండి అంచు పోతే కొత్త అంచు వేయించవచ్చు కానీ, కొత్త జరీ బరువు పాత పట్టు మోయగలదో లేదో ముందు చూడాలి. లోపలి కొసలో ఒళ్లును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగండి. పరపరమని చప్పుడు వచ్చినా, దారాలు విడిపోతున్నట్టు కనిపించినా ఆ చీర కొత్త అంచుకు ఆగదు.

అసలు జరీ చీర కట్టుకోవడానికి పనికిరాకుండా పోతే, పాత జరీ చీరలు కొనేవాళ్లు వెండి కోసం తీసుకుంటారు. అమ్మేముందు మొదటి దశలో చెప్పిన రేకు పరీక్ష చేసి వెళ్లండి, కొనేవాళ్లు "ఇది రాగి" అన్నప్పుడు నిజమో కాదో మీకు ముందే తెలిసి ఉంటుంది.